హ్యాక్ అయిన ఛానెల్ తిరిగి చేతికొచ్చింది. పూర్తిగా వచ్చినట్టేనని దేన్ని చూసి నమ్మాలి?

నాగావళి గట్టు (ఆమదాలవలస), సోమవారం రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా మామగారి తప్పెటగుళ్ళ బృందం ఆటపాటలనూ, మా చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దవాళ్ళు పాడే ఊడ్పు పాటలనూ ఏడేళ్ళుగా చిత్రీకరించి యూట్యూబ్‌లో పెడుతున్నాము. మొత్తం 412 వీడియోలు. అందులో పాడినవారు కొందరు ఇప్పుడు లేరు.

పదకొండు రోజుల క్రితం, గురువారం రాత్రి, ఛానెల్ పేరూ బొమ్మా మారిపోయి, క్రిప్టో నాణేలు రెట్టింపు చేసి ఇస్తామనే లైవ్ ఒకటి మా ఛానెల్‌లో మొదలైంది. మా వీడియోలన్నీ కనిపించకుండా పోయాయి. ఆరు రోజుల తరువాత, అంటే పోయిన బుధవారం, గూగుల్ ఖాతా తిరిగి నా చేతికి వచ్చింది. పేరు, బొమ్మ, బ్యానరు సరిచేశాను. దొంగ మా వీడియోలన్నింటినీ ప్రైవేటుగా మార్చి ఉంచాడు కనుక అన్నింటినీ ఒకేసారి ఎంచుకుని పబ్లిక్ చేశాను. పాస్‌వర్డ్ మార్చాను.

ఐదు రోజులుగా పైకి అంతా మామూలుగానే ఉంది. అయినా మనసు కుదుటపడటం లేదు. ఎప్పుడూ వ్యాఖ్యలు రాసే గారకు చెందిన ఒక పెద్దాయన, తాను రాసినది మిగతావారికి కనిపించడం లేదని ఫోన్ చేసి చెప్పారు. ఛానెల్ పూర్తిగా నాదైందని చెప్పే గుర్తు ఏదైనా ఉంటుందా? ఇంకా చూడవలసిన సెట్టింగులు ఏమైనా మిగిలి ఉన్నాయా?

జీడితోట (పలాస), సోమవారం రాత్రి 10:05

పాస్‌వర్డ్ మార్చారు కనుక అసలు పని అయిపోయినట్టే. దానికి తోడు రెండంచెల ధృవీకరణ పెట్టుకోండి. మీ ఫోన్‌కు వచ్చే అనుమతి లేకుండా ఎవరూ లోపలికి రాలేరు. పాస్‌వర్డ్ మార్చిన క్షణంలోనే మిగతా పరికరాలన్నింటి నుంచీ ఖాతా బయటకు వచ్చేస్తుంది. ఐదు రోజులు ఏమీ జరగలేదంటే ఇక భయపడవలసిన పని లేదని నా అభిప్రాయం.

నాగావళి గట్టు, సోమవారం రాత్రి 10:20

జీడితోట గారూ, రెండంచెల ధృవీకరణ హ్యాక్ కాకముందు నుంచే ఉన్నదండి. ఆ రాత్రి నా ఫోన్‌కు ఏ అనుమతీ రాలేదు, ఏ కోడూ రాలేదు. నా భయమంతా అక్కడే ఉంది.

తూరుపు గాలి (విజయనగరం), సోమవారం రాత్రి 11:10

ఫోన్‌కు ఏమీ రాకుండానే లోపలికి వచ్చాడంటే, అతను పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయి ఉండడు. మీరు ఒకసారి లాగిన్ అయిన తరువాత, ప్రతిసారీ మళ్ళీ అడగకుండా ఉండేందుకు బ్రౌజరు ఒక గుర్తును తనలో దాచుకుంటుంది. ఆ కుకీని దొంగిలించి తన కంప్యూటర్లో పెట్టుకుంటే, మీరే కూర్చున్నారని గూగుల్ అనుకుంటుంది. 2023 మార్చిలో కెనడాలోని లైనస్ టెక్ టిప్స్ ఛానెల్ పోయింది ఇలాగే. వాళ్ళ బృందంలో ఒకరు స్పాన్సర్‌షిప్ పత్రం అనుకుని ఒక ఫైలు తెరిచారు, అంతే. కాబట్టి జీడితోట గారు చెప్పిన రెండూ అవసరమే, కాని అవి ఈ దారిని మూయవు. ఇంకో మాట, పాస్‌వర్డ్ మార్చితే అన్ని పరికరాల నుంచీ బయటకు రాదు. మీరెవరో నిర్ధారించడానికి మీరే వాడే పరికరాలూ, మీరు అనుమతి ఇచ్చిన బయటి యాప్‌లు ఉన్న కొన్ని పరికరాలూ మినహాయింపు.

అందువల్ల సెట్టింగుల కంటే ముందు మూడు విషయాలు అడుగుతున్నాను. మీ ఇంట్లో ఏ కంప్యూటర్లో ఏ ఫైలు తెరిచారు? ఆ కంప్యూటరు ఇప్పుడు ఎక్కడ ఉంది? అందులో ఆ ఖాతా మళ్ళీ తెరిచారా?

నాగావళి గట్టు, మంగళవారం ఉదయం 6:50

మా అన్నయ్య కొడుకును కూర్చోబెట్టి అడిగాను. ఎడిటింగ్ అంతా వాడే చూస్తాడు. గురువారానికి ముందు మంగళవారం నాడు, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రచారం కోసమని ఒక మెయిల్ వచ్చిందట. డబ్బు ఎంత ఇస్తారో, వీడియోలో ఎన్ని సెకన్లు చూపించాలో అన్నీ మర్యాదగా రాశారట. ఒప్పందం చదవమని ఒక లంకె, తెరవడానికి ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. దించుకున్నది జిప్ ఫైలు. అందులో పీడీఎఫ్ బొమ్మతో ఉన్న ఫైలును వాడు రెండుసార్లు నొక్కాడు. ఏమీ తెరుచుకోలేదు. పాడైపోయిన ఫైలేమో అనుకుని వదిలేశాడు. ఆ ఫైలు ఇప్పటికీ డౌన్‌లోడ్లలో ఉంది. దాని పరిమాణం 700 ఎంబీ పైన ఉంది.

నేను ఖాతాను నా ఫోన్ నుంచే తిరిగి తెచ్చుకున్నాను. కొత్త పాస్‌వర్డ్ వాడికి కూడా చెప్పాను. శుక్రవారం నుంచి వాడు అదే లాప్‌టాప్‌లో మళ్ళీ పని చేస్తున్నాడు.

తూరుపు గాలి, మంగళవారం ఉదయం 7:30

దయచేసి ఈ నిమిషమే ఆ లాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఆపేయండి. ఛానెల్ ఇంకా పూర్తిగా మీది కాలేదు.

ఒప్పందం రాసిన పీడీఎఫ్ ఏదీ 700 ఎంబీ ఉండదు. యాంటీవైరస్‌లు చాలా పెద్ద ఫైళ్ళను తనిఖీ చేయకుండా వదిలేస్తాయి కనుక, లోపల పనికిరాని సమాచారం నింపి కావాలనే అలా ఉబ్బిస్తారు. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేదీ అందుకే, పాస్‌వర్డ్ తెలియనిదే తనిఖీ చేసే సేవలేవీ దాన్ని తెరిచి చూడలేవు. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి భాగాన్ని దాచిపెడుతుంది. View మెనూలో File name extensions టిక్ పెట్టి చూస్తే ఆ పేరు చివర .scr అనో .exe అనో కనిపిస్తుంది. చూడండి కాని, మళ్ళీ నొక్కకండి.

ఇలాంటివి కొన్ని ఒకసారి దోచుకుని తమంతట తామే చెరిగిపోతాయి, కొన్ని అక్కడే ఉండిపోతాయి. మీ దాంట్లో ఉన్నది ఏ రకమో బయటి నుంచి చెప్పలేము. ఉండిపోయే రకమైతే, శుక్రవారం లాప్‌టాప్‌లో కొత్త పాస్‌వర్డ్ కొట్టినప్పుడే అదీ, కొత్త కుకీ కూడా వెళ్ళిపోయి ఉంటాయి. అందుకని వరుస ముఖ్యం. వీడియోల ఫైళ్ళు మాత్రమే బయటి డిస్కులోకి తీసుకుని, విండోస్‌ను మొత్తం చెరిపి కొత్తగా ఎక్కించండి. ఆ తరువాతే, శుభ్రంగా ఉన్న మీ ఫోన్ నుంచి, పాస్‌వర్డ్‌ను మరొకసారి మార్చండి. పాత బ్రౌజరులో దాచి ఉంచిన మిగతా పాస్‌వర్డులన్నీ కూడా పోయినట్టే లెక్క వేసుకోండి. బ్యాంకుదీ, మీ అబ్బాయి సొంత ఖాతాదీ కూడా.

తరువాత myaccount.google.com లో Security పేజీకి వెళ్ళి, పరికరాల జాబితాలో మీది కాని ప్రతి దాన్నీ బయటకు పంపండి. అక్కడే Passkeys and security keys ఉంటుంది. పాస్‌కీ అంటే పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోన్‌తోనో కంప్యూటరుతోనో లోపలికి రానిచ్చే తాళంచెవి. దీన్ని చాలామంది చూడరు. దొంగ లోపల ఉన్నప్పుడు తన కోసం ఒక పాస్‌కీ చేర్చుకుని వెళ్ళి ఉంటే, మీరు పాస్‌వర్డ్‌ను ఎన్నిసార్లు మార్చినా అది చెల్లుతూనే ఉంటుంది. బ్యాకప్ కోడ్‌లు కూడా కొత్తవి తీసుకోండి, అప్పుడు పాతవి పనిచేయవు.

బొబ్బిలి వీణ (బొబ్బిలి), మంగళవారం ఉదయం 9:15

నాగావళి గట్టు గారూ, ఛానెల్ తిరిగి తెచ్చుకోవడానికి నా అనుభవం చెబుతాను. ముందు గూగుల్ ఖాతాను g.co/recover ద్వారా తెచ్చుకోవాలి, మీరు ఎప్పుడూ వాడే ఫోన్ నుంచీ, ఎప్పుడూ ఉండే చోటు నుంచీ ప్రయత్నిస్తే మంచిది. తరువాత ఎక్స్‌లో @TeamYouTube ఖాతాకు రాయాలి. మాది సంగీత పాఠాల ఛానెల్, రెండేళ్ళ క్రితం పోయింది, ఇలాగే తిరిగి వచ్చింది.

నాగావళి గట్టు, మంగళవారం ఉదయం 9:40

ధన్యవాదాలండి, అయితే ఖాతా మా చేతికి వచ్చేసింది. వచ్చిన తరువాత చూడవలసిన వాటి గురించి అడుగుతున్నాను. మీ ఛానెల్ వచ్చాక మళ్ళీ ఇబ్బంది ఏమైనా వచ్చిందా?

బొబ్బిలి వీణ, మంగళవారం ఉదయం 10:30

క్షమించండి, సరిగా చదవలేదు. వచ్చిందండి. మాది బ్రాండ్ ఖాతా, అంటే ఒకరి కంటే ఎక్కువ మంది యజమానులుగా ఉండగల ఖాతా కింద ఉన్న ఛానెల్. యూట్యూబ్ స్టూడియోలో అంతా సరిగానే కనిపించింది. కాని myaccount.google.com/brandaccounts లో చూస్తే మా ముగ్గురితో పాటు నాలుగో యజమాని ఒకరు ఉన్నారు. కొత్తగా చేరిన యజమాని ఏడు రోజులు ఆగితే కాని ప్రధాన యజమాని కాలేడు. మేము ఐదో రోజున చూశాము కనుక తీసివేయగలిగాము. మీది బ్రాండ్ ఖాతా అయితే ఆ పేజీ తప్పక చూడండి.

తూరుపు గాలి, మంగళవారం మధ్యాహ్నం 1:20

బొబ్బిలి వీణ గారు చెప్పినది విలువైన మాట. మామూలు ఖాతా అయితే స్టూడియోలో Settings లోపల Permissions చూస్తే సరిపోతుంది. అక్కడ చేరినవారిని మాత్రమే కాదు, ఆహ్వానం పంపి ఇంకా ఒప్పుకోని వారిని కూడా చూడండి. ఆ ఆహ్వానం 30 రోజుల వరకు చెల్లుతుంది.

ఇక పాస్‌వర్డ్‌తో సంబంధమే లేని తాళం ఒకటి ఉంది. లైవ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో అతికించే Stream key. అది ఎవరి దగ్గర ఉంటే వారు, మీ ఖాతాలోకి రాకుండానే మీ ఛానెల్‌కు వీడియో పంపగలరు. లైవ్ అమరికలో Enable Auto-start వేసి ఉంటే, అటు నుంచి వీడియో రాగానే ప్రసారం మొదలైపోతుంది. దొంగ మీ ఛానెల్‌లో లైవ్ నడిపాడంటే ఆ తాళం అతని దగ్గర ఉన్నట్టే. పాస్‌వర్డ్ మారినంత మాత్రాన అది మారదు. Create నొక్కి Go live లోకి వెళ్ళి, అక్కడ తాళం పక్కన ఉన్న Reset నొక్కండి. డిఫాల్ట్ తాళంతో పాటు అతను వేరే పేరుతో కొత్త తాళాలు చేసి ఉండవచ్చు, ఆ జాబితా కూడా తెరిచి చూడండి. అదే పేజీలో Manage దగ్గర ముందు తేదీకి పెట్టిన లైవ్‌లు ఏమైనా ఉన్నాయేమో చూడండి.

పొందూరు నూలు (పొందూరు), మంగళవారం సాయంత్రం 4:45

నేను చేనేత చీరల ఛానెల్ నడుపుతాను. నిరుడు మాకూ ఇదే జరిగింది. వచ్చిన రెండు వారాల తరువాత ఒక కొత్త వీడియో పెట్టాను. మరునాడు ఒక కస్టమరు, అక్కా, మీ వీడియో కింద ఈ లంకె ఏమిటని అడిగారు. వివరణలో నేను రాసిన రెండు వాక్యాల కింద, చాలా ఖాళీ వదిలి, నేను ఎన్నడూ చూడని లంకె ఒకటి ఉంది. Settings లో Upload defaults అని ఉంటుంది, కొత్త వీడియో పెట్టినప్పుడల్లా దానంతట అదే నిండే వివరణ అక్కడ ఉంటుంది. దొంగ దాన్ని అక్కడ రాసిపోయాడు. పాత వీడియోలన్నీ బాగానే ఉన్నాయి కనుక నాకు అనుమానమే రాలేదు. మీరు ఏదో ఒక చిన్న వీడియోను ప్రైవేటుగా ఎక్కించి, వివరణ పెట్టెలో కింది దాకా జరిపి చూడండి.

మీ గార పెద్దాయన వ్యాఖ్య గురించి. Settings లో Community moderation తెరిచి Hidden users జాబితా చూడండి. అందులో ఉన్నవారి వ్యాఖ్యలు వారికి తప్ప ఇతరులకు కనిపించవు, అలా దాచినట్టు వారికి కబురూ వెళ్ళదు. Blocked words కూడా చూడండి.

నాగావళి గట్టు, మంగళవారం రాత్రి 10:15

అన్నీ చూసుకుంటూ వచ్చాను. మాది బ్రాండ్ ఖాతా కాదు. Permissions లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. Stream key మార్చేశాను. నేను చేయని తాళం ఇంకొకటి ఉంది, దాని పేరు ఒకే ఒక్క అక్షరం. దాన్నీ తీసేశాను.

పాస్‌కీల పేజీలో రెండు ఉన్నాయి. ఒకటి నా ఫోన్‌ది. రెండవది విండోస్ కంప్యూటరుది. మా వాడు పాస్‌కీ అంటే ఏమిటని నన్నే అడిగాడు. దాన్ని తీసివేసేటప్పుడు నా చేయి వణికిందండి, ఖాతా తిరిగి వచ్చాక కూడా ఆరు రోజులుగా ఆ తలుపు తెరిచే ఉంది.

Hidden users లో 37 మంది ఉన్నారు. నేను ఏడేళ్ళలో దాచినది ఇద్దరినే. మిగతా పేర్లు ఒక్కొక్కటీ చదువుతుంటే అన్నీ తెలిసినవే. గార పెద్దాయన, నరసన్నపేట మాస్టారు, ముంబైలో ఉండే మా ఊరి ఆడపడుచు. ఆ రాత్రి లైవ్ పక్కన చాట్‌లో, ఇది మోసం, ఈ ఛానెల్ వాళ్ళు ఇలాంటివారు కాదు, ఎవరూ డబ్బు పంపకండి అని రాసినవాళ్ళే వీళ్ళు. హెచ్చరించిన ప్రతి ఒక్కరినీ దాచేశాడు. Blocked words లో scam, hacked, fake అనే మాటలు పెట్టాడు. అన్నీ తీసేశాను.

ఇక నేను చేసిన తప్పు ఒకటి ఈ రోజే తెలిసింది. అన్నింటినీ ఒకేసారి పబ్లిక్ చేశానని రాశాను కదా. మా ఇంటివారి కోసం మాత్రమే దాచుకున్న ప్రైవేటు వీడియోలు కూడా వాటిలో కలిసిపోయాయి. మా అత్తగారి చివరి రోజులవి ఆరు రోజులుగా అందరికీ కనిపిస్తున్నాయి. దొంగ అన్నింటినీ ప్రైవేటు చేయడంతో, ముందు నుంచీ ప్రైవేటుగా ఉన్నవి ఏవో తెలిసే గుర్తు పోయింది. 412 నూ ఒక్కొక్కటిగా చూడాలా?

తూరుపు గాలి, మంగళవారం రాత్రి 10:50

అక్కరలేదండి. స్టూడియోలో Content పేజీలో Views అనే మాట మీద నొక్కితే వీక్షణల వరుసలో అమరుతాయి. ప్రైవేటుగా ఉండినవి అతి తక్కువ వీక్షణలతో ఒక చివర వస్తాయి. ఏళ్ళ క్రితం పెట్టినదై ఉండి, పది ఇరవై వీక్షణలు మాత్రమే ఉంటే అది మీరు దాచుకున్నదే అయి ఉంటుంది. లంకె ఉన్నవారికే కనిపించేలా పెట్టిన వాటిని మాత్రం ఇలా పట్టుకోవడం కష్టం, వాటిని మీ జ్ఞాపకం మీదే తేల్చుకోవాలి.

ఇప్పుడు ఇంకొకటి. యూట్యూబ్ నుంచీ, గూగుల్ నుంచీ మీకు ఈ పది రోజుల్లో ఏయే మెయిళ్ళు వచ్చాయి? దొంగ లైవ్ మీద చర్య తీసుకుని ఉంటే మీకు మెయిల్ రావాలి. పాస్‌కీ చేర్చినప్పుడు కూడా రావాలి.

నాగావళి గట్టు, బుధవారం ఉదయం 6:30

ఒక్కటీ లేదు. ఇన్‌బాక్సులోనూ లేదు, స్పామ్‌లోనూ లేదు.

తూరుపు గాలి, బుధవారం ఉదయం 7:05

అయితే ఫిల్టరు ఉంది. మీరు అంతా ఫోన్ నుంచి చేశారు కనుక అది మీకు కనిపించలేదు, జీమెయిల్ యాప్‌లో ఫిల్టర్ల పేజీ ఉండదు. శుభ్రమైన కంప్యూటర్లో బ్రౌజరు ద్వారా జీమెయిల్ తెరిచి, Settings లో Filters and Blocked Addresses చూడండి. దాని పక్కనే ఉన్న Forwarding పేజీ కూడా చూడండి, మీ మెయిళ్ళు వేరే చిరునామాకు వెళ్తున్నాయేమో తెలుస్తుంది. ఫిల్టరును తీసివేయక ముందు దాని ఫోటో తీసుకోండి. తరువాత Trash తెరవండి. జీమెయిల్ అందులోని మెయిళ్ళను 30 రోజులు ఉంచుతుంది, కనుక మీవి అన్నీ అక్కడే ఉండాలి.

సిరిమాను (విజయనగరం), బుధవారం ఉదయం 11:00

ఒక అనుమానం. నా స్నేహితుని ఛానెల్ హ్యాక్ అయి తిరిగి వచ్చిన తరువాత వీక్షణలు మూడో వంతుకు పడిపోయాయి. నెలలు గడిచినా కోలుకోలేదు. ఛానెల్ మీద లోపల ఏదో మచ్చ పడిందని, సిఫారసులు ఆగిపోయాయని అతను అంటాడు. వీక్షణలు పాత స్థాయికి వస్తేనే పూర్తిగా తిరిగి వచ్చినట్టు లెక్క అని నేను అనుకుంటున్నాను.

పొందూరు నూలు, బుధవారం మధ్యాహ్నం 12:10

మాకు రెండు నెలల్లో తిరిగి వచ్చాయండి, మేము ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. పేరు మారిన ఆ నాలుగు రోజుల్లో, ఇదేదో తెలియని ఛానెల్ అనుకుని సబ్‌స్క్రిప్షన్ తీసేసినవారు మాత్రం మళ్ళీ రాలేదు.

తూరుపు గాలి, బుధవారం మధ్యాహ్నం 1:40

సిరిమాను గారూ, ఆ రెండింటినీ కలపకూడదని నా అభిప్రాయం. వీడియోలన్నీ రోజుల తరబడి ప్రైవేటుగా ఉంటే ఎవరికీ చూపించే వీలే ఉండదు, తెలియక సబ్‌స్క్రిప్షన్ తీసేసినవారూ ఉంటారు. వీక్షణలు తగ్గడానికి ఆ రెండూ చాలు. వీక్షణలు పూర్తిగా కోలుకున్న ఛానెల్‌లో కూడా దొంగ పాస్‌కీ ఉండవచ్చు, వీక్షణలు లేని ఛానెల్ పూర్తిగా భద్రంగానూ ఉండవచ్చు. నేను చూసే గుర్తు వేరు. మనిషి లోపలికి రాగల ప్రతి దారిలోనూ, అంటే పరికరాలు, పాస్‌కీలు, అనుమతులు, Stream key, మెయిల్, వీటన్నింటిలోనూ మీకు తెలిసినవే ఉండాలి. ఆ తరువాత ఖాతాలో కనిపించే ఇటీవలి భద్రతా చర్యల జాబితాలో మీరు చేయనిది ఏదీ కొత్తగా చేరకూడదు. ఆ జాబితా 28 రోజుల వరకు చూపిస్తుంది కనుక నేను ఎవరికైనా ఒక నెల గడువు చెబుతాను.

సిరిమాను, బుధవారం మధ్యాహ్నం 2:30

భద్రత వరకు ఒప్పుకుంటాను. కాని ఛానెల్ మీదే బతికేవారికి వీక్షణలు రాకపోతే అది తిరిగి వచ్చినట్టు ఎలా అవుతుందండి? నా స్నేహితుని ఛానెల్ విషయంలో మీ కారణాలు నాకు చాలడం లేదు.

జీడితోట, బుధవారం సాయంత్రం 5:20

నేను మొదట తేలికగా చెప్పేశాను, పాస్‌కీ సంగతి నాకు తెలియదు. రాత్రి నా ఖాతా కూడా చూసుకున్నాను. డబ్బు గురించి ఎవరూ అనలేదు కనుక అడుగుతున్నాను. యాడ్‌సెన్స్‌ను కూడా మార్చి ఉంటాడా?

తూరుపు గాలి, బుధవారం సాయంత్రం 6:00

ఇలాంటి క్రిప్టో లైవ్ దొంగలకు మీ నెల ఆదాయం మీద ఆశ తక్కువ, వాళ్ళకు కావలసింది మీ ప్రేక్షకులు. అయినా స్టూడియోలో Earn పేజీలో ఏ ఖాతా కలిసి ఉందో చూడాలి, యాడ్‌సెన్స్ లోపల బ్యాంకు ఖాతా ఎవరిదో చూడాలి. కలిపిన ఖాతాను 32 రోజులకు ఒకసారి మాత్రమే మార్చవచ్చు, కనుక అతను మార్చి ఉంటే మీరు వెంటనే వెనక్కు మార్చలేక ఇరుక్కుంటారు. చెల్లింపులు నెలలో 21 నుంచి 26 లోపల వెళ్తాయి, అందుకని 20 లోపలే చూసుకోవాలి.

నాగావళి గట్టు, గురువారం రాత్రి 9:10

మీరు చెప్పినట్టే ఉందండి. ఈ రోజు శ్రీకాకుళంలో మా తమ్ముడి కంప్యూటర్లో జీమెయిల్ తెరిచాము. నేను పెట్టని ఫిల్టరు ఒకటి ఉంది. accounts.google.com నుంచీ, youtube.com నుంచీ వచ్చే ప్రతి మెయిల్‌నూ చదివినట్టు గుర్తు పెట్టి, చెత్తబుట్టలో వేయమని అందులో ఉంది. Forwarding లో ఏమీ లేదు.

చెత్తబుట్టలో 23 మెయిళ్ళు ఉన్నాయి. వాటిని తేదీల వరుసలో చదివితే మొత్తం కథ తెలిసింది. గురువారం రాత్రి హ్యాక్ అయిందని మేము అనుకున్నాము. పాస్‌కీ చేర్చినట్టు వచ్చిన మెయిల్ బుధవారం తెల్లవారుజామున 2:13 కే ఉంది. మా వాడు ఫైలు నొక్కిన రోజు రాత్రే వచ్చాడు. దాదాపు రెండు రోజులు లోపలే కూర్చుని, అన్నీ అమర్చుకుని, గురువారం రాత్రి జనం ఎక్కువగా ఉండే వేళకు లైవ్ మొదలుపెట్టాడు. ఆ రెండు రోజులూ మేము మామూలుగానే స్టూడియోను తెరిచి చూసుకున్నాము.

వాటిలోనే ఇంకొక మెయిల్ ఉంది. ఆ లైవ్ మోసపూరితమైనదని చెప్పి మా ఛానెల్‌కు ఒక స్ట్రైక్ వేశారు. నాకు ఈ రోజు వరకు తెలియదు. ఆ లైవ్ వీడియోను నేను పోయిన బుధవారమే తొలగించాను కనుక స్ట్రైక్ కూడా పోతుందా?

తూరుపు గాలి, గురువారం రాత్రి 9:45

పోదండి. వీడియోను తొలగించినా స్ట్రైక్ అలాగే ఉంటుంది, 90 రోజుల తరువాతే గడువు తీరుతుంది. ఆ 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ మూసేస్తారు. అందుకని అప్పీల్ చేయండి. స్టూడియో మొదటి పేజీలోనే స్ట్రైక్ పెట్టె కనిపిస్తుంది, అక్కడ అప్పీల్ ఉంటుంది. అందులో బాధ గురించి కాకుండా, పాస్‌కీ చేరిన తేదీ, సమయం, లైవ్ మొదలైన సమయం, ఖాతా మీ చేతికి తిరిగి వచ్చిన తేదీ మాత్రమే రాయండి. ఎవరైనా మీ ఛానెల్ చూసి డబ్బు పోగొట్టుకున్నారని తెలిస్తే వారిని 1930 కు ఫోన్ చేయమనండి, మీరు కూడా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేసి ఉంచుకోండి.

నాగావళి గట్టు, ఆదివారం ఉదయం 8:20

ఇప్పటి వరకు జరిగినది రాస్తున్నాను. లాప్‌టాప్‌లో విండోస్ కొత్తగా ఎక్కించాము, తరువాత నా ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చాను. ఆ పాస్‌వర్డ్‌ను ఈసారి మా వాడికి చెప్పలేదు. వాడి సొంత ఖాతాను Permissions లో ఎడిటర్‌గా చేర్చాను. వాడు వీడియోలు పెట్టగలడు, దిద్దగలడు, ఇంకొకరిని చేర్చలేడు. Upload defaults ఖాళీగానే ఉంది, ప్రైవేటుగా ఒక వీడియో ఎక్కించి చూశాను. యాడ్‌సెన్స్‌లో బ్యాంకు మాదే. వీక్షణల వరుసలో చూసి తొమ్మిది వీడియోలను తిరిగి ప్రైవేటు చేశాను.

మిగిలినవి రెండు. అప్పీల్‌కు ఇంకా జవాబు రాలేదు. మెమరీ కార్డులతో పోల్చి చూస్తే ఆరు వీడియోలు పూర్తిగా తొలగించబడ్డాయి. నాలుగింటికి మా దగ్గర అసలు ప్రతులు ఉన్నాయి. రెండింటికి లేవు. ఆ రెండింటిలో ఒకటి, గుండె మీద తప్పెట కట్టుకుని మా మామగారు ఒక్కరే పదకొండు నిమిషాలు ఆడినది. తొలగించిన వాటిని తిరిగి ఇవ్వమని యూట్యూబ్ సహాయ బృందానికి రాశాను. ఎవరికైనా అలా తిరిగి వచ్చి ఉంటే ఎన్ని రోజులు పట్టిందో దయచేసి చెప్పండి.

పొందూరు నూలు, ఆదివారం ఉదయం 10:05

మాకు మూడు పోతే ఒకటి వచ్చింది, మిగతా రెండూ రాలేదండి. మీరు రాసేటప్పుడు ఆ వీడియోల పాత లంకెలు ఇచ్చారా? మేము వాట్సాప్‌లో ఎవరెవరికో పంపిన పాత సందేశాల నుంచి వెతికి తీశాము. గార పెద్దాయనకు ఆ పదకొండు నిమిషాలది ఎప్పుడైనా పంపి ఉంటే, ఆయన ఫోన్‌లో చూడండి.